జూన్ 29 ప్రమాదం, జూలై 1 ఎఫ్ఐఆర్: శిక్ష ఏ చట్టం కింద?

ప్రశ్న: "సర్, మా అన్నయ్య 2024 జూన్ 29 రాత్రి కారు నడుపుతుంటే బైక్‌కి తగిలింది. బైక్ మీద ఉన్నాయన్ని ఆస్పత్రికి తనే తీసుకెళ్లాడు. వాళ్ల వాళ్లు జూలై 1న కంప్లయింట్ ఇచ్చారు. జూలై 4న ఆయన చనిపోయారు. ఇప్పుడు సమన్లు వచ్చాయి. చార్జిషీటులో బి.ఎన్.ఎస్. 106(1) అని ఉంది, ఐదేళ్ల దాకా శిక్ష అంటున్నారు. పాత చట్టంలో రెండేళ్లే కదా? ప్రమాదం జరిగిన రోజున లేని చట్టంతో శిక్ష వేయొచ్చా? రెండు రోజుల ముందు ఎఫ్ఐఆర్ అయినవాళ్లకి రెండేళ్లు, మాకు ఐదేళ్లు అయితే చట్టం ముందు అందరూ సమానం అన్న మాట ఏమైనట్టు?"

వేయకూడదు. నేరం రుజువైనా మీ అన్నయ్యకు శిక్ష పాత ఐ.పి.సి. 304-ఎ ప్రకారమే పడాలి. గరిష్ఠం రెండేళ్లు. చార్జిషీటులో పోలీసులు ఏ సెక్షన్ రాసినా ఈ హద్దు మారదు, ఎందుకంటే దాన్ని పెట్టింది రాజ్యాంగంలోని 20(1) అధికరణం. అయితే సెక్షన్ తప్పు పడినంత మాత్రాన కేసు కొట్టేయరు. ఈ రెండో మాట మరిచిపోయి నష్టపోయినవాళ్లను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

కోస్తాలో ఒక మేజిస్ట్రేట్ కోర్టులో ఇరవై ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 2024 జూలైలో మా స్టేషన్లలో ఏం జరిగిందో కళ్లారా చూశాను. జూలై 1న కొత్త చట్టాలు మూడూ ఒకేసారి అమల్లోకి వచ్చాయి: ఐ.పి.సి. స్థానంలో బి.ఎన్.ఎస్. అనే భారతీయ న్యాయ సంహిత, సి.ఆర్.పి.సి. స్థానంలో బి.ఎన్.ఎస్.ఎస్. అనే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం. స్టేషన్‌లో రైటర్ బల్ల పక్కన గోడకు ఒక పట్టిక అంటించారు. ఎడమ వైపు పాత సెక్షన్, కుడి వైపు కొత్తది. రైటర్ వేలు పెట్టి 302 ఎదురుగా 103, 379 ఎదురుగా 303, 304-ఎ ఎదురుగా 106 అని చూసుకుని రాసేవాడు. కంప్లయింట్ జూలై 1 తర్వాత వచ్చిందంటే చాలు, సెక్షన్ కుడి వైపు నుంచే. ప్రమాదం ఏ రోజు జరిగిందన్న ప్రశ్న పట్టికలో లేదు. మీ అన్నయ్య కేసులోనూ ఇదే జరిగిందని నా అంచనా. కావాలని చేసింది కాకపోవచ్చు.

కానీ ఆ పట్టికలో ఎదురెదురుగా ఉన్నవన్నీ ఒకటే అనుకుంటే పొరపాటు. 304-ఎ ప్రకారం నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ "లేదా" అన్న మాట చాలా ముఖ్యం. పరిస్థితిని బట్టి జడ్జి గారు జరిమానాతో సరిపెట్టే వీలుంది. 106(1) అలా లేదు. ఐదేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా. (వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం జరిగితే రిజిస్టర్డ్ డాక్టర్లకు మాత్రం రెండేళ్లే, అదీ జరిమానాతో కలిపే.) అంటే కొత్త సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష పెరగడమే కాదు, ఫైనుతో బయటపడే దారి కూడా మూసుకుపోయింది.

దీని బరువు నాకు ఒక ట్రాక్టర్ డ్రైవర్ కేసులో తెలిసొచ్చింది. ప్రమాదం జూన్ 24న, ఎఫ్ఐఆర్ జూలై 2న. మనిషికి చదువు రాదు. ఊళ్లో ఎవరో "తప్పు ఒప్పేసుకో, ఫైన్ వేసి పంపేస్తారు" అని చెప్పి పంపారు. వాయిదా రోజు పొద్దున నా దగ్గరకొచ్చి "ఒప్పేసుకుంటానండీ, ఎంత కట్టాలో చెప్పండి" అన్నాడు. ఎప్పటిలాంటి ప్రమాదం కేసే కదా అని నేనూ కాపీలు తిరగేస్తున్నాను. సెక్షన్ దగ్గర 106(1) కనబడింది. ఆ సెక్షన్ కింద గనక నోరు తెరిచి ఒప్పుకుని ఉంటే జైలు శిక్ష తప్పేది కాదు. ఆ పూట వాయిదా అడిగి, మెమో వేసి, ప్రభుత్వం తరఫున వాదించే ఏ.పి.పి. గారికి తేదీలు చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి "ఇది పాత సెక్షనే అవ్వాలి" అన్నారు. మేజిస్ట్రేట్ గారు 304-ఎ గానే తీసుకున్నారు. కేసు ఇంకా నడుస్తోంది. డ్రైవర్‌కి ఇప్పుడు ఒప్పుకునే తొందర లేదు, సాక్షులు ఏం చెబుతారో చూద్దామంటున్నాడు.

20(1) ఏం చెబుతుంది

ఆ క్లాజులో రెండు ముక్కలున్నాయి. మొదటిది: నేరంగా ఆరోపించిన పని చేసిన సమయానికి అమల్లో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప ఎవరినీ దోషిగా నిర్ధారించకూడదు. రెండోది: ఆ సమయానికి అమల్లో ఉన్న చట్టం కింద వేయగలిగిన శిక్ష కంటే ఎక్కువ శిక్ష వేయకూడదు. మీ కేసుకు పనికొచ్చేది రెండోది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీయడం జూన్ 29నా నేరమే, జూలై 1నా నేరమే. మారింది శిక్ష ఒక్కటే.

ఇందులో చూడాల్సిన తేదీ పని జరిగిన తేదీ. ఎఫ్ఐఆర్ తేదీ, చార్జిషీటు తేదీ, తీర్పు తేదీ ఏవీ లెక్కలోకి రావు. ఎందుకో ఒక్క క్షణం ఆలోచించండి. ఎఫ్ఐఆర్ తేదీ మనుషుల చేతిలో ఉంటుంది. బాధితుల వాళ్లు రెండు రోజులు ఆగి రావచ్చు. ఎస్.ఐ. గారు బందోబస్తులో ఉన్నారని "రేపు రండి" అనొచ్చు. ఎవరైనా కావాలనే జూన్ 30 దాటనివ్వొచ్చు. ఎఫ్ఐఆర్ తేదీని బట్టి శిక్ష మారితే, ఒక మనిషికి రెండేళ్లా ఐదేళ్లా అన్నది స్టేషన్ బల్ల దగ్గర తేలిపోతుంది. పని జరిగిన తేదీతో ఆ ఇబ్బంది లేదు. జరిగిపోయిన రోజును ఎవరూ వెనక్కో ముందుకో జరపలేరు. చట్టబద్ధ పాలన అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన అతి చిన్న రూపం ఇదే: శిక్ష కొలత ఎవరి చేతికీ అందని చోట ఉండాలి.

కొత్త చట్టం చేసినవాళ్లు కూడా దీన్ని కాదనలేదు. న్యాయ సంహితలో 358వ సెక్షన్ ఐ.పి.సి.ని రద్దు చేస్తూనే, దాని కింద అప్పటికే జరిగిన నేరాలకు బాధ్యత, శిక్ష, విచారణ అన్నీ రద్దు కానట్టే కొనసాగుతాయని చెప్పింది. లేకపోతే జూన్ 29 నేరానికి పాత చట్టం పోయి, కొత్త చట్టం వర్తించక, మధ్యలో ఖాళీ మిగిలేది. "ఐ.పి.సి. రద్దయింది కదా, ఇక దాని కింద కేసెలా?" అని స్టేషన్‌లో అడిగితే జవాబు ఈ సెక్షన్.

చనిపోయింది జూలై 4న కదా అంటే?

ప్రాసిక్యూషన్ వైపు నుంచి వచ్చే గట్టి వాదన ఇదే, కాబట్టి సిద్ధంగా ఉండండి. జూన్ 29న అది గాయాల కేసు మాత్రమే, 304-ఎ నేరం పూర్తయింది మనిషి చనిపోయిన జూలై 4న, అప్పటికి కొత్త చట్టం అమల్లో ఉంది అంటారు. పైకి బాగానే ఉంది. కానీ 20(1) మొదటి ముక్క చూడమంటోంది "పని" చేసిన సమయాన్ని. మీ అన్నయ్య చేసిన పని ఏదైనా ఉంటే అది జూన్ 29 రాత్రి కారు నడిపిన తీరు. జూలై 1 తర్వాత ఆయన చేసింది ఏమీ లేదు. ఐ.సి.యు.లో ఒక మనిషి ఒక్క రోజు బతికాడా, ఐదు రోజులు బతికాడా అన్నదాన్ని బట్టి డ్రైవర్ శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరగడం ఆ క్లాజు ఉద్దేశానికే విరుద్ధం. పొడిచింది జూన్ 30న, చనిపోయింది జూలై 5న అయితే నేను చూసిన కేసుల్లో పోలీసులు ఐ.పి.సి. 307ను 302గానే మార్చారు, 103 బి.ఎన్.ఎస్. వేయలేదు. ప్రమాదం కేసుకు వేరే లెక్క ఉండదు.

నిజానికి మీ ఎఫ్ఐఆర్ మొదట ర్యాష్ డ్రైవింగు, తీవ్ర గాయం సెక్షన్లైన 279, 338 ఐ.పి.సి. కింద నమోదై, జూలై 4 తర్వాత సెక్షన్ మార్పు మెమోతో 304-ఎ కావాల్సింది. మీ కాపీల్లో ఆ మెమో ఉండాలి. దాన్ని తప్పకుండా చూడండి. మొదట 281, 125 బి.ఎన్.ఎస్. వేసి, తర్వాత 106(1)గా మార్చి ఉంటే, తప్పు మొదటి రోజే పడిందని రుజువు చేయడం తేలిక.

అయితే కొత్త చట్టం అసలు వర్తించదా?

విచారణ పద్ధతికి వర్తిస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఎఫ్ఐఆర్ జూలై 1న అయింది కాబట్టి దర్యాప్తు, నోటీసులు, బెయిలు, విచారణ అన్నీ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నడుస్తాయి. మీ అన్నయ్యకు స్టేషన్ నుంచి నోటీసు వచ్చి ఉంటే అది 35(3) కింద అని ఉంటుంది, పాత 41-ఎ అని ఉండదు. అది తప్పు కాదు. అలహాబాద్ హైకోర్టు 2024లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది: జూలై 1కి ముందు జరిగిన నేరానికి తర్వాత ఎఫ్ఐఆర్ అయితే సెక్షన్ ఐ.పి.సి.ది, దర్యాప్తు పద్ధతి కొత్త సంహితది. ఒకే ఎఫ్ఐఆర్ మీద పైన 173 బి.ఎన్.ఎస్.ఎస్. అనీ కింద 304-ఎ ఐ.పి.సి. అనీ కనబడితే విచిత్రంగా ఉంటుంది గానీ, ఉండాల్సింది అదే.

పద్ధతి మారితే ఎందుకు ఫర్వాలేదు, శిక్ష మారితే ఎందుకు కుదరదు? దీనికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బెంగాల్ నుంచి వచ్చిన ఒక కేసు చెబుతాను. కేదార్‌నాథ్ బజోరియా అనే వ్యాపారి మీద ఆరోపణ 1947 నాటిది. 1949లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రత్యేక కోర్టుల చట్టం తెచ్చింది. అందులో మామూలు శిక్షతోపాటు, నేరంలో సంపాదించిన సొమ్ముకు తగ్గ అదనపు జరిమానా వేయాలని కూడా పెట్టారు. ప్రత్యేక కోర్టు అలాగే వేసింది. 1953లో సుప్రీంకోర్టు కేసును రెండుగా విడగొట్టి చూసింది. కొత్త కోర్టులో, కొత్త పద్ధతిలో విచారించడం చెల్లుతుంది, ఫలానా కోర్టులోనే ఫలానా పద్ధతిలోనే విచారించాలని కోరే హక్కు ఎవరికీ లేదు. కానీ 1947 నాటికి లేని ఆ అదనపు జరిమానా చెల్లదు, తీసేయమంది.

మీరు అడిగిన సమానత్వం సంగతి కూడా ఇదే కేసులో ఉంది. "నన్ను ఒక్కడినే ప్రత్యేక కోర్టుకు పంపడం 14వ అధికరణానికి విరుద్ధం" అని బజోరియా వాదించాడు. సుప్రీంకోర్టు మెజారిటీ ఒప్పుకోలేదు. ఆ చట్టం ఒక జాబితాలో ఉన్న నేరాలకు వర్తిస్తుంది, వాటిని విడిగా చూడడానికి కారణం ఉంది అంది. దీనికి ఒక్క ఏడాది ముందు, 1952లో, అన్వర్ అలీ సర్కార్ కేసులో అదే కోర్టు అదే రాష్ట్రపు ఇంకో ప్రత్యేక కోర్టుల చట్టాన్ని, 1950 నాటిదాన్ని, కొట్టేసింది. డమ్ డమ్‌లో జెస్సప్ ఫ్యాక్టరీ మీద జరిగిన సాయుధ దాడి కేసు అది. ఆ చట్టం ఏ కేసును ప్రత్యేక కోర్టుకు పంపాలో ఎలాంటి కొలమానమూ లేకుండా ప్రభుత్వం ఇష్టానికే వదిలేసింది. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు రండి. జూన్ 30 రాత్రి 11:50కి ప్రమాదం చేసినవాడికి రెండేళ్లు, పది నిమిషాల తర్వాత చేసినవాడికి ఐదేళ్లు. ఇది అసమానతే కదా అనిపిస్తుంది. కానీ ఏ చట్టమైనా ఏదో ఒక రోజున మొదలవ్వాలి. ఆ రోజు కలెక్టరు గారి అబ్బాయికీ ఆటోడ్రైవర్‌కీ ఒకటే. అందుకని 14వ అధికరణం కింద తేదీ గీతను తప్పుపట్టడం కష్టం. తప్పుపట్టగలిగింది ఇంకో రకం తేడాని: ఒకే రోజు జరిగిన రెండు ప్రమాదాల్లో ఒక స్టేషన్ 304-ఎ వేసి, పక్క స్టేషన్ 106(1) వేయడం. కొలమానం లేకుండా మనిషిని బట్టి, స్టేషన్‌ను బట్టి శిక్ష మారితే అది అన్వర్ అలీ కేసులో కోర్టు కాదన్న పనే. మీ కేసులో అయితే ఆ వాదన దాకా పోనక్కర్లేదు, 20(1) ఒక్కటే చాలు. మా ఏ.పి.పి. లాంటివాళ్ల ముందు తేదీలు చూపిస్తే పని అయిపోతుంది, సమానత్వం మీద ఉపన్యాసం మొదలుపెడితే వాయిదా పడుతుంది.

ఈ సూత్రం చేదుగా ఉన్న చోట కూడా ఇదే

మీ అన్నయ్యకు లాభం కాబట్టి మీకు ఇది న్యాయంగా కనబడుతోంది. చనిపోయినాయన భార్యకు అలా కనబడదు, అది మామూలే. 2012 డిసెంబర్ 16 ఢిల్లీ ఘటన గుర్తు చేసుకోండి. ఆ తర్వాత అత్యాచార చట్టాలు కఠినం చేస్తూ 2013 ఫిబ్రవరి 3 నుంచి మార్పులు తెచ్చారు. దేశమంతా కోపంతో ఉన్నా ఆ కొత్త సెక్షన్లు ఆ నిందితులకు వర్తించలేదు. వాళ్ల ఉరిశిక్ష ఎప్పటినుంచో ఉన్న 302 హత్య సెక్షన్ కింద పడింది. వాళ్లలో మైనర్ అయినవాడు అప్పటి జువెనైల్ చట్టంలోని గరిష్ఠం మూడేళ్లు పూర్తి చేసుకుని 2015 డిసెంబర్‌లో బయటికి వచ్చాడు. 16 నుంచి 18 ఏళ్లవాళ్లను ఘోర నేరాల్లో పెద్దవాళ్లలా విచారించే వీలు కల్పించిన చట్టం 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. అది ఎంత గట్టిదైనా వెనక్కి వెళ్లి అతన్ని పట్టుకోలేదు. ఆ రోజుల్లో మా బార్ రూమ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. అందరికంటే ఎక్కువ కోప్పడ్డది నేనే. అయినా చట్టం అంతే.

కోర్టులు కూడా ఒక్కోసారి ఇక్కడ జారతాయి. పోక్సో చట్టంలో శిక్షలు పెంచిన సవరణ 2019 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక చిన్నారి మీద 2019 మే 20న జరిగిన నేరానికి ట్రయల్ కోర్టు సవరించిన సెక్షన్ ప్రకారమే "మిగిలిన సహజ జీవితమంతా" జైలు అని శిక్ష వేసింది. హైకోర్టులోనూ అలాగే నిలిచింది. 2025లో సుప్రీంకోర్టు నేర నిర్ధారణను అలాగే ఉంచి, ఆ "సహజ జీవితమంతా" అన్న భాగాన్ని తీసేసి పాత సెక్షన్‌లో ఉన్న యావజ్జీవ శిక్షకు తగ్గించింది. మే 20కీ ఆగస్టు 16కీ మధ్య మూడు నెలల తేడా, దాన్ని రెండు కోర్టులు పట్టించుకోలేదు. కాబట్టి "జడ్జి గారే చూసుకుంటారులే" అని ఊరుకోకండి.

ఒక పక్కమాట. కొత్త చట్టం శిక్షను తగ్గిస్తే? ఆ లాభం సాధారణంగా నిందితుడికి ఇస్తారు. కల్తీ ఆహారం కేసు ఒకదానిలో, టి. బరాయ్ కేసు అంటారు దాన్ని, పశ్చిమ బెంగాల్ సవరణ ప్రకారం యావజ్జీవం దాకా ఉన్న శిక్షను తర్వాత వచ్చిన కేంద్ర సవరణ తగ్గిస్తే, 1982లో సుప్రీంకోర్టు తగ్గిన శిక్షే వర్తిస్తుందంది. పెరిగింది వెనక్కి పోదు, తగ్గింది పోవచ్చు. మీకు ఇది అక్కర్లేదు గానీ, చిన్న దొంగతనం కేసుల్లో కొత్తగా వచ్చిన సమాజ సేవ శిక్షను పాత కేసులకు అడిగేవాళ్లు ఈ దారిలోనే వాదించాలి.

ఇంకోటి. స్టేషన్‌లో ఎవరైనా "పారిపోతే పదేళ్లు" అని మీ అన్నయ్యను బెదిరించి ఉంటే, వాళ్లు చెబుతున్నది 106(2). ప్రమాదం చేసి, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అన్న ఆ ఉపసెక్షన్ మీదే 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. తర్వాత కేంద్రం కొత్త చట్టాన్ని జూలై 1 నుంచి అమల్లోకి తెస్తూ ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. పార్లమెంటు పాస్ చేసింది, రాష్ట్రపతి సంతకం అయింది, పుస్తకంలో అచ్చయి ఉంది. అయినా జూలై 1న అది "అమల్లో ఉన్న చట్టం" కాదు. 20(1)లో ఆ మాటలకు అంత బరువుంది. మీ అన్నయ్య ఎలాగూ పారిపోలేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాడు కాబట్టి ఆ భయం మీకు అసలే అక్కర్లేదు.

ఇప్పుడు ఏం చేయాలి

ముందుగా ఎఫ్ఐఆర్ కాపీ తీసి మూడో కాలమ్ చూడండి. 3(ఎ) దగ్గర నేరం జరిగిన రోజు, తేదీ, సమయం ఉంటాయి. 3(బి) దగ్గర స్టేషన్‌కు సమాచారం అందిన తేదీ. 3(ఎ)లో జూన్ 29 అని ఉంటే మీ పని సగం అయినట్టే, పోలీసుల కాగితమే మీ సాక్ష్యం. కొన్నిసార్లు కంగారులో రెండు చోట్లా జూలై 1 అని రాసేస్తారు. అలా ఉంటే ఆస్పత్రి నుంచి స్టేషన్‌కు వెళ్లిన ఎం.ఎల్.సి. ఇంటిమేషన్, గాయాల సర్టిఫికెట్, 108లో తీసుకెళ్లి ఉంటే దాని రికార్డు కావాలి. ఆస్పత్రిలో చేర్చుకున్న తేదీ, సమయం వాటిలో ఉంటాయి.

తర్వాత మీ వకీలు గారితో ఒక మెమో వేయించండి. "నేరం జరిగిన తేదీ 29-06-2024, ఆ రోజుకు న్యాయ సంహిత అమల్లో లేదు, 20(1) అధికరణం, 358 సెక్షన్ ప్రకారం 304-ఎ ఐ.పి.సి. కింద మాత్రమే విచారించాలి" అని, అంతే. ఎక్కువ రాయొద్దు. పోలీసులు రాసిన సెక్షన్‌కు మేజిస్ట్రేట్ కట్టుబడి ఉండనక్కర్లేదు. నేరారోపణ ఏ సెక్షన్ కిందో నిర్ణయించేది కోర్టు.

ఇది తొందరగా చేయడానికి ఇంకో కారణం ఉంది. రెండేళ్లకు మించి శిక్ష ఉన్న నేరం వారంట్ కేసు, రెండేళ్లకు మించనిది సమన్ల కేసు. 106(1) అయితే చార్జి ఫ్రేమ్ చేసి వారంట్ కేసు పద్ధతిలో నడుపుతారు. 304-ఎ అయితే ఆరోపణ సారాంశం చదివి వినిపించి నేరుగా విచారణకు పోతారు. సెక్షన్ తప్పయితే పద్ధతి కూడా తప్పు దారి పడుతుంది, మధ్యలో సరిదిద్దితే మళ్లీ వాయిదాలు. చార్జి ఫ్రేమ్ కాకముందే చెబితే అందరికీ తేలిక. అప్పటికే ఫ్రేమ్ అయిపోతే, తీర్పు వచ్చే లోపు ఎప్పుడైనా చార్జి మార్చే అధికారం 239 బి.ఎన్.ఎస్.ఎస్. కింద కోర్టుకు ఉంది. అక్కడా వినకపోతేనే 528 కింద హైకోర్టు. చివరికి తీర్పు రోజున కూడా, దోషి అని తేలితే, శిక్ష మీద వినిపించేటప్పుడు ఇదే మాట మళ్లీ చెప్పాలి.

మొదట్లో చెప్పిన జాగ్రత్త ఇక్కడే. మా కోర్టులోనే ఒక తోటి న్యాయవాది ఇలాంటి కేసులో "సెక్షన్ తప్పు కాబట్టి ముద్దాయిని డిశ్చార్జి చేయాలి" అని పిటిషన్ వేశారు. ఎనిమిది నెలలు వాయిదాలు తిరిగి, డిశ్చార్జి కుదరదు, సెక్షన్ మారుస్తున్నాం అని ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా అడిగి ఉంటే మొదటి నెలలోనే వచ్చేది అదే. చార్జిలో పొరపాటు వల్ల న్యాయానికి భంగం కలిగితే తప్ప విచారణ చెల్లకుండా పోదని బి.ఎన్.ఎస్.ఎస్. 510 సెక్షన్ చెబుతుంది. మనం అడగాల్సింది సెక్షన్ మార్పు. విడుదల కోసం పోరాడాల్సింది సాక్ష్యం మీద: నిర్లక్ష్యం ఎవరిది, వేగం ఎంత, రోడ్డు మీద లైటు ఉందా, బైక్ ఎటు నుంచి వచ్చింది, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఏముంది.

20(1) ఆపేది నేర నిర్ధారణనూ శిక్షనూ మాత్రమే. లైసెన్సు సస్పెన్షన్‌కు గానీ, వాళ్ల కుటుంబం ట్రిబ్యునల్‌లో వేసే నష్టపరిహారం కేసుకు గానీ ఇది అడ్డు రాదు. ఆ కేసులో ఐ.పి.సి. సెక్షనా బి.ఎన్.ఎస్. సెక్షనా అన్నది ఎవరూ పట్టించుకోరు. కారుకు ఆ రోజు ఇన్సూరెన్స్ ఉందా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న. ఇక "వాళ్లతో రాజీ పడితే కేసు పోతుందా" అని తర్వాత అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. 304-ఎ రాజీ కుదిరే నేరాల జాబితాలో లేదు.

వచ్చే వాయిదాకు ఎఫ్ఐఆర్, సెక్షన్ మార్పు మెమో, ఎం.ఎల్.సి. కాపీ మూడూ పట్టుకెళ్లండి. 3(ఎ) కాలమ్‌లో ఏ తేదీ ఉందో ఇక్కడ రాస్తే, మెమో ఎలా ఉండాలో ఇంకాస్త వివరంగా చెబుతాను.